మిర్చి కంటే ముందు వెళ్లే మెయిల్

పినపాక మండలంలో గోదావరి ఒడ్డున పండిన తేజ మిర్చికి మలేసియాలో ఊరి పేరుండదు. ఏడూళ్ల బయ్యారం రైతు కల్లంలో ఎండిన కాయ మణుగూరు, కొత్తగూడెం మీదుగా ఖమ్మం యార్డుకు చేరేసరికే పది ఊళ్ల కాయలో కలిసిపోతుంది. కోల్డ్ స్టోరేజీ, తొడిమలు తీసే షెడ్డు, చెన్నై రేవు దాటి పోర్ట్ క్లాంగ్‌లో దిగేనాటికి దాని గురించి మాట్లాడేది బిల్ ఆఫ్ లేడింగ్ ఒక్కటే. అందులో ఏ గడిలో ఏం పడాలో ముందే రాసి ఫార్వర్డర్‌కు పంపే మెయిల్‌ని ఆఫీసుల్లో ‘ఎస్.ఐ.’ అంటారు, అంటే షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్. ఖమ్మంలో మిర్చి ఎగుమతి పని చేసేవాళ్లకు ఇది రోజువారీ రాత. అయినా దీన్ని సరిగ్గా రాసేవాళ్లు తక్కువే.

ఫార్వర్డర్ చెన్నైలో కూర్చుంటాడు. మన సరుకును కంటితో చూడడు. మనం ఒక గడి ఖాళీగా వదిలితే పాత షిప్‌మెంట్ ఫైలు తీసి అందులో ఉన్నది వేస్తాడు. పని ఆపలేడు కదా, ఓడ గడువు నెత్తిమీద ఉంటుంది. అందుకే ఈ మెయిల్లో ‘ఎప్పటిలాగే’ అన్న మాట రాయకూడదంటాను. ఎప్పటిలాగే అంటే ఏ నెల లాగా?

ఒక కంటైనర్ తీసుకుందాం. నలభై అడుగుల హైక్యూబ్‌లో తొడిమ తీసిన తేజ, 25 కిలోల బస్తాలు 560. ధర పోర్ట్ క్లాంగ్ వరకు ఓడ కిరాయితో కలిపి. కొంత అడ్వాన్సు వచ్చింది, మిగతా డబ్బు బ్యాంకు ద్వారా కాగితాలు విడిపించుకునేటప్పుడు. సబ్జెక్టు లైనులోనే సగం కథ చెప్పేయాలి:

```
SI / BOOKING NO. / 1x40HC / CHENNAI - PORT KLANG (WESTPORTS) / DRY RED CHILLI
```

బ్రాకెట్లో ఉన్నది చిన్న మాటే. పోర్ట్ క్లాంగ్‌లో నార్త్‌పోర్ట్, వెస్ట్‌పోర్ట్స్ వేర్వేరు టెర్మినళ్లు. అది రాయకపోతే సాయంత్రానికి “సార్, నార్తా వెస్టా?” అని ఫోను వస్తుంది. కొనుగోలుదారు లారీ, గోడౌను ఏ వైపున్నాయో తెలిసింది మనకే.

అసలు చిక్కు కన్సైనీ గడిలో ఉంది. కొత్తవాళ్లు అక్కడ కొనుగోలుదారు పేరు పెట్టేస్తారు. సరుకు వెళ్లేది అతనికేగా! కానీ పై బేరంలో డబ్బు ఇంకా రావాలి. అతని పేరు మీద సరుకు పంపితే, కొన్ని దేశాల్లో ఒరిజినల్ బిల్లు చేతికి రాకుండానే విడిపించుకునే దారి దొరకొచ్చు. పోనీ బ్యాంకు పేరు వేద్దామా అంటే, బ్యాంకు ముందుగా ఒప్పుకోకుండా సరుకును దాని పేరు మీద పంపొద్దని కలెక్షన్ల అంతర్జాతీయ నియమాలే చెబుతాయి. అందుకే `TO ORDER` అని రాసి, బిల్లు వెనక మనం సంతకం పెట్టి మన బ్యాంకుకు ఇస్తాం. కొనుగోలుదారు పేరు, చిరునామా, ఫోను నోటిఫై పార్టీ గడిలోకి వెళ్తాయి. ఓడ వస్తోందన్న కబురు అతనికి అందుతుంది. సరుకు మాత్రం కాగితం చేతికొచ్చాకే.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. చెన్నై నుంచి క్లాంగ్‌కు ఓడ వారం అటూ ఇటూలో చేరిపోతుంది. బ్యాంకు కాగితాలు అంతకంటే నెమ్మదిగా నడిస్తే, రేవులో కంటైనర్ నిలిచి డెమరేజ్ మొదలవుతుంది. డబ్బంతా ముందే వచ్చిన బేరమైతే ఈ తంటా దేనికి, టెలెక్స్ రిలీజ్ చాలు. ఒరిజినళ్లు మూడు కావాలా, అక్కర్లేదా అన్నది మెయిల్లో ఒక వాక్యమే అయినా, దాన్ని రాసేముందు బ్యాంకు ఖాతా చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. `TO ORDER` బిల్ ఆఫ్ లేడింగ్ వరకే. ఆసియాన్ ఒప్పందం కింద సుంకం రాయితీ కోసం తీసే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌లోనూ, ప్లాంట్ క్వారంటైన్ వాళ్లిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లోనూ కొనుగోలుదారు పేరే వేయిస్తాం. ఈ తేడాను మెయిల్లో విడిగా చెప్పకపోతే, కస్టమ్స్ పని చూసే కుర్రాడు అన్నిట్లో ఒకటే కాపీ కొడతాడు.

కాగితాల సంగతి రాసేటప్పుడు పేర్ల చిట్టా ఇస్తే చాలదు, ఏది ఎవరు తెస్తారో రాయాలి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ మనవి. షిప్పింగ్ బిల్లు, ఫైటో, ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ ఫార్వర్డర్‌వి. ఈ చివరి రెండూ తారీఖు ముడివేసుకున్న కాగితాలు. గ్యాసు కొట్టడం మిథైల్ బ్రోమైడ్‌తో అయితే ఒక రోజు పని, ఫాస్ఫీన్‌తో అయితే రోజుల తరబడి మూసి ఉంచాలి. ఏ మందు అన్నది కొనుగోలుదారును అడిగి రాయకపోతే, కటాఫ్ రోజున కంటైనర్ గ్యాసులోనే ఉంటుంది.

ఇక బరువులు. బస్తాలో నికరం 25 కిలోలు, ఖాళీ సంచి 200 గ్రాములు. నికర బరువు 14,000, సంచులతో 14,112 కిలోలు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, ఎస్.ఐ. నాలుగింట్లోనూ ఇవే అంకెలు ఉండాలి. వీజీఎం వేరు. 2016 జులై నుంచి ఓడ ఎక్కే ప్రతి నిండు కంటైనర్‌కూ అది తప్పనిసరి. మన 14,112కు తలుపు మీద రాసి ఉన్న ఖాళీ బరువు 3,900 అనుకుందాం, లోపలి అట్టలు, తేమ పీల్చే సంచులు 38 కిలోలు కలిపితే 18,050. ఈ అంకెను తెచ్చి సరుకు బరువు గడిలో పెట్టేవాళ్లున్నారు. అప్పుడు మలేసియా కస్టమ్స్‌కు కాగితం మీద దాదాపు నాలుగు టన్నుల మిర్చి ఎక్కువ కనిపిస్తుంది.

మిర్చి తేమకు కదిలే సరుకు. ఖమ్మం ఎండలో గలగలలాడిన కాయ సముద్రపు గాలిలో మెత్తబడుతుంది. పగలు వేడెక్కిన కంటైనర్ రాత్రి చల్లబడితే పైకప్పుకు పట్టిన చెమ్మ పై వరస బస్తాల మీద కారుతుంది. క్లాంగ్‌లో తలుపు తీసినప్పుడు పై వరసే నల్లబడి, కింద బాగుంటే అది ఈ చెమ్మ పనే. పక్క గోడ వెంట ఒకేచోట తడి ఉంటే రేకుకు చిల్లు. బస్తా నడిమధ్యన బూజు ఉంటే మాత్రం ఓడను తిట్టి లాభం లేదు. కాయ విరగకుండా తొక్కడానికి బస్తాకెత్తేముందు ఎవరో నీళ్లు చల్లారు. తేమ 11 శాతం దాటిన కాయను ఏ మెయిలూ కాపాడదు.

అందుకని హ్యాండ్లింగ్ పేరాలో ‘జాగ్రత్తగా చూడగలరు’ అని కాకుండా, చేసే పనులు రాస్తాను. కంటైనర్‌లోకి మనిషి వెళ్లి తలుపు వేయించుకుని వెలుతురు ఎక్కడైనా పడుతోందా చూడాలి. పాత సరుకు రసాయనాల వాసన ఉంటే వెనక్కి పంపాలి. గోడలకు, పై వరస మీద క్రాఫ్ట్ పేపరు పరవాలి. కొక్కేలు వాడొద్దు. డెక్ కింద, వేడికి దూరంగా పెట్టమని కూడా రాస్తాం గానీ అది వినతి మాత్రమే, ఓడవాళ్లు మాట ఇవ్వరు.

కంటైనర్ నంబరు, సీలు నంబరు లోడింగ్ అయ్యాకే తెలుస్తాయి కాబట్టి అవి రెండో మెయిల్లో, సీలు ఫొటోతో పాటు వెళ్తాయి. ఆ తర్వాత ఫార్వర్డర్ నుంచి డ్రాఫ్ట్ బిల్లు వస్తుంది. దాన్ని మన మెయిల్‌తో పోల్చడం కంటే ఇన్‌వాయిస్‌తోనూ, సీలు ఫొటోతోనూ పోల్చడం మేలు. మెయిల్లోనే తప్పుంటే డ్రాఫ్టూ అచ్చంగా దానిలాగే ఉంటుంది. ఓడ కదిలేలోపు దిద్దితే ఒక ఫోనుతో పోతుంది. కదిలాక దిద్దాలంటే లైనుకు ఫీజు కట్టి, అవతలి రేవు మానిఫెస్టు కూడా మార్పించాలి.