ఒకే లెక్కలో మూడు సున్నాలు

నందిపేట్‌లో ఇంటర్ పిల్లలకు స్థిర విద్యుత్ వర్క్‌షీట్ రాసే లెక్చరర్ పనితనం అంకెల ఎంపికలో ఉంటుంది. +4, −1 మైక్రోకూలుంబుల బిందు ఆవేశాలను 30 సెంటీమీటర్ల ఎడంలో పెట్టిన లెక్క చూడండి. వాటి ఆకర్షణ బలం సరిగ్గా 0.4 న్యూటన్లు వస్తుంది.

క్షేత్రం ఎక్కడ సున్నా? ఆవేశాల మధ్య రెండు క్షేత్రాలూ ఒకే దిక్కుకు ఉంటాయి, కాబట్టి అక్కడ రద్దు కావు. చిన్న ఆవేశానికి అవతల 30 సెంటీమీటర్ల దగ్గర రద్దవుతాయి. అక్కడికి పెద్ద ఆవేశం రెట్టింపు దూరంలో ఉంటుంది గనుక దాని నాలుగు రెట్ల బలం చెల్లిపోతుంది. "మధ్యలో, చిన్నదానికి 10 సెంటీమీటర్ల దూరంలో" అని రాసిన విద్యార్థి రుణ గుర్తును మరిచాడని దిద్దేవారికి వెంటనే తెలుస్తుంది.

పొటెన్షియల్‌కు దిశ లేదు. ఆవేశాలను కలిపే రేఖ మీద, చిన్నదానికి లోపలివైపు 6, బయటివైపు 10 సెంటీమీటర్ల దగ్గర అది సున్నా. క్షేత్రం సున్నా అయిన చోట మాత్రం 30,000 వోల్టులు! ఒకటి సున్నా అయితే రెండోదీ సున్నాయే అన్న భ్రమ ఇక్కడ తొలగిపోతుంది.

చివరి ప్రశ్న బొమ్మ. ధనావేశం నుంచి 8 క్షేత్ర రేఖలు గీస్తే 2 మాత్రమే రుణావేశాన్ని చేరాలి, మిగతా 6 అనంతానికి పోవాలి. ఇన్ని పరీక్షలను ఇంత శుభ్రమైన అంకెల్లో ఇమడ్చడం నిజమైన నేర్పు.