మంచం కింద ఇద్దరు: ఒక ప్రాంప్టు ప్రతి చెప్పిన సాక్ష్యం

నాటక విమర్శ పేరుతో మనం రాసేది చాలావరకు అచ్చు పుస్తకం మీద విమర్శే. పాత్రచిత్రణ గురించి, సంభాషణ గురించి, సాంఘిక ప్రయోజనం గురించి పుటలకు పుటలు రాస్తాం. ఆ నాటకాన్ని ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళు ఆడినప్పుడు రంగస్థలం మీద ఏం జరిగిందన్న ప్రశ్న వచ్చేసరికి మన దగ్గర జ్ఞాపకం తప్ప ఆధారం ఉండదు. జ్ఞాపకం ఎప్పుడూ మెచ్చుకోలు వైపే మొగ్గుతుంది. ఆధారమనదగ్గ వస్తువు ఒకటి ఉంది. అది రంగనిర్వాహకుడి చేతిలో ఉండే ప్రాంప్టు ప్రతి. సోలాపురం సాలెవాడలో తయారైన అటువంటి ప్రతి ఒకదాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాం. దాన్ని రాసినవాళ్ళలో మేమూ ఉన్నాం గనుక అందులోని తప్పులు మావే.

సోలాపురం తూర్పు భాగంలోని పద్మశాలి కుటుంబాలు ఎక్కువగా తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవి. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. చేతిమగ్గాల తర్వాత సాంచెలు వచ్చాయి. దుప్పట్లు, తువ్వాళ్ళు నేసే కారఖానాల్లో పగటి పాళీ ఉంటుంది, రాత్రి పాళీ ఉంటుంది. నాటకం ఆడేవాడు ఏ పాళీలో ఉంటాడో ప్రదర్శన రోజుకు గాని తేలదు. అటువంటి చోట ‘అతనికి అంతా నోటికి వచ్చు’ అన్న ధీమా పనికిరాదు. అతను రాకపోతే వేరొకడు వచ్చి అదే చోట నిలబడాలి, అదే మాట మీద కదలాలి. మా ప్రతి పుట్టింది ఆ అవసరం నుంచే.

మేము ఎన్నుకున్నది ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలో మధురవాణి ఇంటి రంగం. ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో గురజాడవారే విస్తరించి తిరగరాశారు. ఆ రెండవ పాఠాన్ని పూర్తిగా ఆడాలంటే ఎన్నో గంటలు పడుతుంది. కనుక ఆడేవాళ్ళు ఎవరైనా కత్తిరించే ఆడతారు. ఏది ఉంచారు, ఏది తీసేశారు అన్నది అచ్చు పుస్తకం చెప్పదు, ప్రాంప్టు ప్రతి చెబుతుంది.

ప్రతి కట్టే పద్ధతి ఇది. అచ్చు కాగితానికి రెండు వైపులా పాఠం ఉంటుంది గనుక ఒక ప్రతికి రెండు పుస్తకాలు విప్పాలి. కారఖానా లెక్కలు రాసుకునే పెద్ద పుస్తకం ఒకటి తెచ్చి, కుడి పుట మీద ఒక అచ్చు పుట అంటించాం. ఎడమ పుట ఖాళీగా వదిలాం. ఆ ఖాళీ పుట పైభాగాన రంగస్థలం పటం చిన్నదిగా గీశాం. మంచం, వీధి తలుపు, రెండు పక్క తెరలు, అంతే. దాని కింద వరుస సంఖ్యలతో కదలికలు రాశాం. ఏ మాట మీద కదలాలో అచ్చులోని ఆ మాట పైనే అదే సంఖ్య వేశాం. పాత్రలకు ఒక్కొక్క అక్షరం: గి, రా, మ, పూ. కుడి ఎడమలు ప్రేక్షకుడివి కావు, వాళ్ళకు ఎదురుగా నిలబడ్డ నటుడివి. తీసేసిన మాటల మీద ఒక్క గీత మాత్రమే గీశాం, కింద ఉన్నది చదవడానికి వీలుండాలి. అన్నీ పెన్సిలుతోనే రాశాం. సిరాతో రాసినవాడు మార్పు వచ్చినప్పుడు కొట్టివేతలు పెంచుతాడు, లేదా మార్పు రాయడమే మానేస్తాడు. రెండోది మొదటిదానికన్నా ప్రమాదం. అప్పుడు పుస్తకం ఒకటి చెబుతుంది, రంగస్థలం మీద మరొకటి జరుగుతుంది.

ఇక మంచం దగ్గరికి వద్దాం. కథ అందరికీ తెలిసిందే. గిరీశం వచ్చేసరికి రామప్పంతులు మంచం కింద దూరతాడు. వెనకనే పూటకూళ్ళమ్మ చీపురుతో వస్తుంది. గిరీశమూ మంచం కిందికే పోతాడు. దెబ్బ పంతులుకు తగులుతుంది. చదివేటప్పుడు ఇందులో చిక్కేమీ కనిపించదు. ఆడేటప్పుడు మొదటి రిహార్సల్లోనే చిక్కు వచ్చింది. ఇద్దరూ ప్రేక్షకుల వైపు నుంచే దూరారు. తర్వాత దూరినవాడు అంచున ఉంటాడు గనుక చీపురు గిరీశానికే తగిలింది. రెండో రిహార్సల్లో గిరీశాన్ని వెనక వైపు నుంచి పంపాం. దెబ్బ సరిగానే పంతులుకు తగిలింది గాని, పూటకూళ్ళమ్మ ముందు వైపు నిలబడి కొట్టడంతో ఆమె వీపు మంచాన్ని కప్పేసింది. ప్రేక్షకులకు దెబ్బే కనిపించదు. మూడోసారి ఆమెను కాళ్ళ వైపు నిలిపి, పంతులు తల కూడా కాళ్ళ వైపే ఉండేటట్లు పడుకోబెట్టాం. అప్పుడు కుదిరింది. గిరీశం వెనక నుంచి బయటపడి తలుపు వైపు పోవడానికి దారి కూడా దొరికింది. ఎడమ పుటలో నాలుగో సంఖ్య దగ్గర రెండుసార్లు చెరిపిన మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ పుటలోనే ‘ఇటుకలు 8’ అని ఉంది. మా నులక మంచం కింద ఇద్దరు మనుషులు పట్టరు. ఒక్కొక్క కోడు కింద రెండేసి ఇటుకలు పెట్టవలసి వచ్చింది. మరొక వాడలో ఆడినప్పుడు మంచం ముందే చేరింది గాని ఇటుకలు చేరలేదు. తెర లేవడానికి ముందు ప్రతిలోని వస్తువుల పట్టీ చదివినవాడు దాన్ని పట్టుకున్నాడు.

సూచనలను మూడు మెట్లుగా రాశాం. ఒక పుట ముందు ‘హెచ్చరిక’, రెండు మూడు పంక్తుల ముందు ‘సిద్ధం’, ఆ మాట మీద ‘కానీ’. ‘కానీ’ అన్నది ఫలితం కనిపించవలసిన చోట రాయకూడదు, పనివాడి చెయ్యి కదలవలసిన చోట రాయాలి. తెర తాడు లాగడానికీ తెర పూర్తిగా మూయడానికీ మధ్య కొంత కాలం పోతుంది. ఆ కాలాన్ని ముందే తీసేసుకుని మాట ఎంచుకోవాలి. ఇంకో సంగతి మొదటి ప్రదర్శనలోగాని తెలియలేదు. గిరీశం బయటపడే సూచనను మేము ఒక మాటకు కట్టాం. జనం నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. గిరీశం మంచం కిందే ఉండిపోయాడు. మర్నాడు ఆ సూచనను మాట నుంచి తీసి చీపురు మూడో దెబ్బకు కట్టాం. నవ్వు వచ్చే చోట సూచన చెవికి కాదు, కంటికి ఉండాలి.

సోలాపురానికే ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. దీపాల దగ్గర కూర్చున్న అబ్బాయి తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. అతనికోసం సూచనల మాటలు దేవనాగరిలో రాశాం. మరాఠీ బళ్ళో నేర్పే రాతలో ‘ఎ’కూ ‘ఏ’కూ తేడా లేదు, ‘ఒ’కూ ‘ఓ’కూ తేడా లేదు. ఆ సాయంత్రం మొదట ఆడిన చిన్న నాటికలో ‘మేడ’ అనగానే వెనక దీపం వెలగాలి. అంతకు కొన్ని పంక్తుల ముందు ‘మెడ’ అన్న మాట ఉంది. దేవనాగరిలో రెండూ ఒకటే. చెవికి తేడా తెలిసినా, కాగితం మీద ఉన్నదే మొదట వచ్చిందనుకుని అతను దీపం వేసేశాడు. తప్పు అతనిది కాదు, మా రాతది. తర్వాత రెండు పనులు చేశాం. సూచనకు ఎన్నుకునే మాటలో ఎ, ఏ, ఒ, ఓలు లేకుండా చూశాం. తప్పనిసరైతే ముందు మాటను కూడా కలిపి రాశాం. కోస్తాలోగాని తెలంగాణలోగాని ప్రతి కట్టేవాళ్ళకు ఈ జాగ్రత్త అవసరం లేదు. బయటి రాష్ట్రాల్లో తెలుగు నాటకం ఆడే విద్యార్థులు మాత్రం దీన్ని గుర్తుంచుకోవాలి.

మూడో ప్రదర్శన నాడు పంతులు వేషధారికి రాత్రి పాళీ పడింది. అతని బదులు వచ్చినవాడు మధ్యాహ్నమంతా ఎడమ పుటలు చదివి, సాయంత్రం మంచం కింద సరిగ్గా ఎక్కడ పడుకోవాలో అక్కడ పడుకున్నాడు. ప్రతి తన పని చేసిందని సంతోషించాం. అసలు విమర్శ ఆ తర్వాత మొదలయింది.

అతనికి చూపించడానికి పుటలు తిరగేస్తున్నప్పుడు ఒక విషయం కంటబడింది. ఈ రంగంలో గి, రా, పూ అక్షరాలకు బాణపు గుర్తులు చాలా ఉన్నాయి. ‘మ’కు ఒక్కటీ లేదు. ఆమె తలాపి దగ్గర నిలబడింది, చివరిదాకా అక్కడే ఉంది. కుడి పుట చూస్తే గీత గీసిన మాటల్లో ఎక్కువ భాగం ఆమెవే. విజయనగరం పలుకుబడి మా ప్రేక్షకులకు అందదని ఆ మాటలు తీసేశాం. చీపురు అందుతుందని చీపురును పెంచాం. గురజాడ రాసిన రంగంలో ఇద్దరు మగవాళ్ళను మంచం కింద ఉంచి ఆట నడిపించేది మధురవాణి. మేము ఆడినదాంట్లో ఆమె మంచానికి ఐదో కోడు. మూడు రోజులూ జనం పగలబడి నవ్వారు, మేమూ మెచ్చుకున్నాం. ఆ మెచ్చుకోలు తప్పని చెప్పింది ప్రేక్షకులు కారు, ఖాళీగా ఉన్న ఎడమ పుట.

నాలుగో ప్రదర్శనకు తీసేసిన మాటలు కొన్ని తిరిగి పెట్టాం. తలుపు తీయడానికి ముందు ఆమె ఒకసారి మంచం దగ్గరికి వచ్చి చూసేటట్లు, చీపురు వచ్చినప్పుడు దారి ఇచ్చి పక్కకు తప్పుకునేటట్లు రెండు బాణాలు వేశాం. ఆ రాత్రి నిర్వహణ వివరాల్లో ఇలా ఉంది: రంగం రెండు నిమిషాలు పెరిగింది, చీపురు దగ్గర నవ్వు తగ్గింది, తలుపు దగ్గర కొత్త నవ్వు ఒకటి వచ్చింది. నవ్వు తగ్గిందని మాలో కొందరు బాధపడ్డారు. తలుపు దగ్గర వచ్చిన నవ్వు మధురవాణిది గనుక ఇదే మంచి ప్రదర్శన అని మా అభిప్రాయం.

ఏ ప్రతినైనా ఇలా సాక్ష్యంగా తీసుకోవచ్చునా అంటే, అది ఎప్పుడు రాసినదో ముందు తెలుసుకోవాలి. చేహోవ్ ‘సీగల్’ నాటకానికి 1898లో స్తానిస్లావ్‌స్కీ రాసిన ప్రయోగ ప్రణాళిక చాలా ప్రసిద్ధమైనది. కాని దాన్ని ఆయన నటులకు దూరంగా కూర్చుని రాసి పంపారు. అది దర్శకుడి సంకల్పాన్ని చెబుతుంది. ఏ రాత్రి ఏం జరిగిందో దాన్నిబట్టి చెప్పలేం. చెరిపి రాసిన మచ్చలు, ప్రదర్శన తేదీలు, పట్టిన నిమిషాలు ఉన్న ప్రతి వేరు. మొదటిదాన్ని ఆలోచనకు ఆధారంగా, రెండోదాన్ని జరిగినదానికి ఆధారంగా వాడుకోవాలి.

రెండో రకం ప్రతికి కూడా హద్దు ఉంది. మధురవాణి తలుపు దాకా నడిచిందని మా పుస్తకం చెబుతుంది. ఎలా నడిచిందో చెప్పదు. ఆమె చూపులో ఏముందో, మాట ఎక్కడ ఆపి ఎక్కడ విరిచిందో బాణపు గుర్తు పట్టుకోలేదు. దానికి ఆ రాత్రి అక్కడ కూర్చున్నవాడి మాటే గతి. అతను చెప్పేది వినేటప్పుడు పక్కన ఎడమ పుట తెరిచి ఉంచుకుంటే, అతని జ్ఞాపకం ఎక్కడ మెచ్చుకోలు వైపు మొగ్గుతున్నదో తెలుస్తుంది.