64 శాతం తమిళనాడు అంటే ఏం లెక్క?

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు డీఎన్ఏ పరీక్ష రిపోర్టు పంపించినాడు. తమిళనాడు 64 శాతం, ఆంధ్ర–తెలంగాణ 27, మిగతాది 9. కింద ఒక మాట: "అన్నా, మనం తెలుగోళ్లమే కాదంట. పిల్లలకి ఇంట్లో తెలుగెందుకు ఇంక?" మాది కోవిల్పట్టి పక్క. నాయకుల కాలంలో వచ్చినామని పెద్దలు చెప్పే మాట. ఆ రిపోర్టు చదివినాక నాకు తోచింది ఇది.

ఆ 64 మన పూర్వీకుల తలలెక్క కాదు. కంపెనీ మన డీఎన్ఏని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క తన దగ్గరున్న ఏ నమూనా గుంపుకి ఎక్కువ దగ్గరో చూస్తుంది. ఆ ముక్కల మొత్తమే శాతం.

మరి ఆ గుంపులోకి ఎవరిని చేరుస్తారు? చాలా కంపెనీలు అడిగేది, తాత అవ్వలు నలుగురూ ఒకే ప్రాంతంలో పుట్టినారా అని. ఇంట్లో ఏం మాట్లాడతారని కాదు. మా నలుగురూ కోవిల్పట్టి చుట్టుపక్కలే పుట్టినారు. అట్లా అయితే నేనూ "తమిళనాడు" నమూనానే! మావాళ్లు కొందరు ఆ గుంపులో ఉంటే, తమ్ముడి ముక్కలు అక్కడికే పోతాయి. నలుగురి పుట్టుక చెప్పేది నూరేళ్ల సంగతి, మన వలస కథ నాలుగైదు వందల ఏళ్లది.

పరిశోధకులు వాడే 1000 జీనోమ్స్ సేకరణలో కూడా తెలుగు నమూనాలు 102 మందివి, అదీ బ్రిటన్‌లో ఉండేవాళ్లవి. తమిళ నమూనాలు బ్రిటన్‌లోని శ్రీలంక తమిళులవి. కోవిల్పట్టి, హోసూరు, బరంపురం తెలుగోళ్లకి విడిగా గుంపే లేదు.

మన యాసతో పోల్చి చూడండి. ఒకాయన దగ్గర రెండే నిఘంటువులు ఉన్నాయి, ఒకటి కోస్తా తెలుగుది, ఒకటి తమిళానిది. మన ఇంటి మాటల్లో 'రొంబ'ని తమిళంలో వేస్తాడు. పాలు, కాలు, ఊరు రెండు పక్కలా ఉన్నాయి కదా, వాటిని ఎటు వేస్తాడు? ఏదో ఒక పక్క వెయ్యాల్సిందే, మొత్తం నూరు కావాలి. దక్షిణాది డీఎన్ఏలో ఎక్కువ భాగం ఇట్లాంటి ఉమ్మడి సొత్తే. పైగా ఎవరు ఎవరికి దగ్గరనేది భాష కన్నా, తరతరాలుగా ఎవరింట్లో పెళ్లి చేసుకున్నారనే దాన్ని బట్టి ఎక్కువ తేలుతుంది.

తమ్ముడికి రెండు పనులు చెప్పినాను. రిపోర్టులో నమ్మకం స్థాయి మార్చే వీలుంటే 50 నుంచి 90కి పెట్టమన్నా. పెడితే తమిళనాడు, ఆంధ్ర రెండూ చాలావరకు కరిగి "దక్షిణాసియా" అని మిగిలింది. తర్వాత పాత రిపోర్టు తీసి చూడమన్నా. కంపెనీ నమూనాలు మార్చకముందు అదే ఉమ్మికి తమిళనాడు 41 శాతమే! మారింది వాళ్ల గుంపులు, మన రక్తం కాదు.

దగ్గరి చుట్టాలని పట్టుకోవడానికి ఆ పరీక్ష పనికొస్తుంది. మనం ఏ భాషోళ్లమో మాత్రం అది చెప్పలేదు. దానికి అవ్వ మాటలే రాసి పెట్టుకోవాల.