చిరిగిన మూలలో పోయిన చెయ్యి

పాత ఫొటోలు ఎక్కువగా మూలల దగ్గరే చిరుగుతాయి. ఆల్బంలోంచి లాగేటప్పుడు మనం పట్టుకునేది మూలనే. ఫ్రేములో తేమ చేరితే ముందుగా అద్దానికి అతుక్కునేదీ తరచు మూలే. అందుకే చిరిగిన ఫొటో చేతికి రాగానే కంప్యూటర్ తెరవకుండా ముందు ఆ ముక్క కోసం వెతకాలి. పాత ఫ్రేము అట్ట వెనకా అద్దం లోపలి వైపూ ఒకసారి చూడాలి. దొరికితే రెంటినీ స్కాన్ చేసి కలపడం చిన్న పని. అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం పీకకూడదు, అద్దంతో సహా స్కాన్ చేసుకోవాలి.

ముక్క దొరకనప్పుడు పోయిన భాగాన్ని కొత్తగా సృష్టించాలి. వెనకటి స్టూడియోల్లో దీన్నీ టచింగ్‌లో భాగంగానే చూసేవారు. చిరిగిన ప్రింటును అట్ట మీద అంటించి, లేని చోట సన్న కుంచెతో గీసి, దాన్ని మళ్ళీ ఫొటో తీసి కొత్త నెగెటివ్ తయారు చేసేవారు. తర్వాత ఫొటోషాప్ వచ్చింది. 2010లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్‌కు గోడనో పరదానో నింపడం తెలుసు. అది ఫొటోలో ఉన్నదాన్నే తెచ్చి అతికించేది కాబట్టి, లేని చేతిని తేలేకపోయేది. 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్, దానికి ముందే వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి ఆ చేతిని కూడా గీస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. అవి గీసేది ఒక చెయ్యి. మనకు కావలసింది ఫొటోలోని మనిషి చెయ్యి.

ఒక ఫొటో తీసుకుని చూద్దాం. 1950ల నాటి స్టూడియో ఫొటో, నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు. భర్త కుర్చీలో కూర్చున్నాడు. భార్య మన కుడివైపున నిలబడి, తన కుడిచేతిని కుర్చీ వీపు మీద వేసింది. ఫ్రేము మోకాళ్ళ దగ్గర ఆగింది. కింద కుడిమూల ఏటవాలుగా చిరిగిపోయింది. అంచు వెంబడి పైకి రెండున్నర అంగుళాలు, అడుగున రెండు అంగుళాలు లేవు. దాంతో ఆవిడ ఎడమచెయ్యి మోచేతి కింద సగం దాకా ఉంది. మణికట్టు, అరచెయ్యి, చీర కుచ్చిళ్ళలో కొంత భాగం పోయాయి.

దీన్ని 600 డీపీఐలో, 16 బిట్ టిఫ్ ఫైలుగా స్కాన్ చేస్తే 2400 పిక్సెళ్ళ వెడల్పు, 3600 ఎత్తు వస్తుంది. ఆ స్కాన్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టి, పని దాని నకలు మీద చెయ్యాలి. పోయిన ముక్క 1200 పిక్సెళ్ళ వెడల్పు, 1500 ఎత్తు. ఇలాంటి మోడళ్ళలో చాలావాటికి 1024 పిక్సెళ్ళ చదరం సుఖం. అంతకన్నా పెద్ద చోటు ఒకేసారి అప్పగిస్తే చిన్నగా గీసి సాగదీస్తాయి, అక్కడ బొమ్మ మెత్తబడిపోతుంది. అందుకే పనిని విడగొట్టాలి. ముందు వెనకున్న పరదా, తర్వాత చీర, చివరికి చెయ్యి.

మోడల్‌కు అప్పగించే చోటును మాస్క్‌తో చూపిస్తాం. మాస్క్ సరిగ్గా చిరుగు దగ్గర ఆగకూడదు. కాగితం చిరిగినచోట పై పొర లేచి తెల్లటి పీచు కనబడుతుంది. అది మాస్క్ బయట మిగిలితే, మోడల్ దాన్ని ఫొటోలోని వస్తువే అనుకుని తెల్ల గీతగానో జరీ అంచుగానో కొనసాగిస్తుంది. కాబట్టి చిరుగు దాటి మంచి భాగంలోకి ముప్పై నలభై పిక్సెళ్ళు జరగాలి. చేతి దగ్గర మాత్రం ఇంత ఉదారంగా ఉండకూడదు. మిగిలిన ముంజేతి ముక్కే మన అసలు సాక్ష్యం.

చెయ్యి గీయించే ముందు దాని కొలత కట్టాలి. భుజం నుంచి మోచేతికి సుమారు 800 పిక్సెళ్ళు ఉంది. మోచేతి నుంచి మణికట్టుకు ఉండే దూరం అందులో మూడు వంతులకు కాస్త ఎక్కువ ఉంటుంది, అంటే 620 దాకా. సగం మిగిలే ఉంది కాబట్టి, ఇంకా 310 దూరంలో మణికట్టు రావాలి. అరచెయ్యి వేళ్ళతో కలిపి సుమారు ముఖమంత పొడవు, గడ్డం నుంచి నుదుటి జుట్టు మొదలు దాకా. ఈ కొలతలు చెయ్యి నిటారుగా వేలాడినప్పటివి. కెమెరా వైపు కాస్త వంగితే పొట్టిగా కనబడుతుంది. వంపు ఎటో మిగిలిన ముక్క అంచులే చెబుతాయి.

తర్వాత ఆవిడ కుడిచేతిని చూడాలి. గాజులెన్ని, వేళ్ళు లావా సన్నమా, చర్మం ఏ బూడిదరంగులో పడింది అన్నవన్నీ అక్కడున్నాయి. దాన్నే తిప్పి ఎడమచేతికి అతికిస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, అలా తిప్పినప్పుడు వెలుగు కూడా తిరగబడుతుంది. ఈ ఫొటోలో వెలుగు మన ఎడమ నుంచి పడింది. తిప్పిన చేతి మీద అది కుడి నుంచి పడినట్టుంటుంది. ఎక్కడో తేడా ఉందని చూసినవాళ్ళకు తెలుస్తుంది గానీ, అదేమిటో చెప్పలేరు.

ఫొటోలో లేని సాక్ష్యం ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర దొరుకుతుంది. ఇలాంటి చోట మోడళ్ళు ఒక్కోసారి చేతికి వాచీ తొడుగుతాయి. అది చూసి ఆవిడ కూతురు, “మా అమ్మకు వాచీ ఎక్కడిది నాయనా, రెండు చేతులకూ మట్టిగాజులే ఉండేవి” అంటే ఆ వాచీ పోవాల్సిందే.

ఇప్పుడు కొలతల ప్రకారం చేతి ఆకారాన్ని కుంచెతో మోటుగా, రెండు మూడు బూడిద ఛాయల్లో మనమే గీయాలి. స్టేబుల్ డిఫ్యూజన్‌లో `Denoising strength` అనే మీట ఉంటుంది. దాన్ని 1 దగ్గర పెడితే మన గీత దాదాపు చెరిగిపోయి, మోడల్ తనకు తోచింది గీస్తుంది. 0.5, 0.6 మధ్య ఉంచితే మన ఆకారాన్ని నిలిపి, దాని మీద చర్మం, ముడతలు, నీడలు అల్లుతుంది. వేళ్ళు ఎలా ఉన్నాయో ఏ ఆధారమూ లేనప్పుడు వాటిని కుచ్చిళ్ళ మడతల్లోకి సగం దాచడమే నాకిష్టం. ఐదు వేళ్ళూ విప్పి చూపించడం నేర్పరితనమే కావచ్చు గానీ, అందులో కల్పన పాలు ఎక్కువ.

వచ్చిన చెయ్యి మొదట కొత్తగా, నున్నగా ఉంటుంది. పాత ప్రింటులో నలుపు అచ్చమైన నలుపు కాదు, వెలిసి ఉంటుంది. సున్నా నుంచి 255 కొలతలో అది 40 దగ్గర మొదలైతే, కొత్త ముక్క నలుపునూ కర్వ్స్‌తో అక్కడికే తేవాలి. పసుపు జీరను చివర్లో మొత్తానికి ఒకేసారి పెడితే మేలు. పక్కనున్న చీర ఎంత మసకగా ఉందో అంత మసక చేసి, ఆపైన ఫిల్ము రేణువు లాంటి నాయిజ్ చల్లాలి. 200 శాతం పెద్దది చేసి చూస్తే రేణువు కలిసిందో లేదో తెలుస్తుంది. బొటనవేలంత చిన్నది చేసి చూస్తే చెయ్యి పొడవు కుదిరిందో లేదో తెలుస్తుంది. గాజులు చర్మంలో కరిగిపోయాయా, చీర అంచు చెయ్యి దాటాక అదే వరసలో వస్తోందా అన్నవి విడిగా చూసుకోవాలి.

ఇంకో ప్రమాదం కంటికి ఆనదు. ఈ తరహా మోడళ్ళు బొమ్మ మొత్తాన్ని తమ లోపలి రూపంలోకి మార్చుకుని తిరిగి గీస్తాయి. దాంతో మాస్క్ బయటి పిక్సెళ్ళు కూడా కొద్దిగా మారవచ్చు. ముఖాల్లో ఆ కొద్దే ఎక్కువ. అందుకని మోడల్ ఇచ్చిన బొమ్మలోంచి మూల ముక్కను మాత్రం కోసుకుని, అసలు స్కాన్ మీద వేరే లేయర్‌గా పెట్టాలి. ముఖాలను ‘మెరుగుపరిచే’ బటన్ జోలికి అసలు పోవద్దు.

చిత్రాల పునరుద్ధరణకు రోమ్‌లో చెజారే బ్రాండీ పాటించిన పద్ధతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది. పాడైన చిత్రంలో ఖాళీలను సన్నటి నిలువు గీతలతో నింపేవారు. దూరం నుంచి చిత్రం నిండుగా కనబడేది, దగ్గరకొస్తే ఏది కొత్తదో తెలిసిపోయేది. ఫొటోలో గీతలు గీయనక్కర్లేదు. కొత్త ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో “కింద కుడిమూల, ఎడమచెయ్యి ముంజేతి సగం నుంచి కల్పితం” అని రాసి, సంవత్సరం వెయ్యండి. ఫైలు వివరణలోనూ అదే మాట చేర్చండి. చిరిగిన అసలు ఫొటోకు సెల్లో టేపు వెయ్యకుండా కాగితం కవరులో దాచండి. ఆ మూల ఎప్పుడైనా దొరకవచ్చు.