మోకాలు ఎక్కడ ఆగాలి

విజయవాడలో ఓ చిన్న జిమ్. కూచిపూడి నేర్చిన 23 ఏళ్ల అమ్మాయి మొదటి రోజే కాళ్లు నిటారుగా ఉంచి, ముందుకు వంగి రెండు అరచేతులూ నేలకు ఆనించింది. పక్కన కుర్రాళ్లు నోరెళ్లబెట్టారు. ట్రైనర్ మాత్రం ఆమె మోకాళ్లను చూస్తున్నాడు. అవి నిటారు దగ్గర ఆగలేదు, విల్లులా వెనక్కి వంగాయి.

కీళ్ల వదులు కొలవడానికి బైటన్ స్కోరు ఉంది. మొత్తం 9 మార్కులు. చిటికెన వేళ్లు, బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లు మామూలు హద్దు దాటితే ఒక్కోదానికి ఒక్కో మార్కు, అరచేతులు నేలకు తాకితే ఇంకొకటి. ఆ వయసులో 5 వస్తే కీళ్లు బాగా వదులని లెక్క. ఆమెకు 7 వచ్చాయి. అది జబ్బు కాదు, అయితే వ్యాయామం మార్చాలి.

"సార్, తొడ వెనక ఎప్పుడూ పట్టేసినట్టే ఉంటుంది. రోజూ సాగదీస్తూనే ఉన్నాను."

"అదే వద్దమ్మా. కీలు వదులైతే దాన్ని పట్టి ఉంచే పని కండరం మీద పడుతుంది. అందుకే బిగుసుకుంటుంది. దాన్ని ఇంకా లాగితే ఎలా?"

రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌తో మొదలుపెట్టారు. చేతికో 12 కిలోల డంబెల్‌తో ఆమె అలవోకగా పాదాల దాకా దిగిపోయింది. అంత కిందికి వెళ్లాక బరువును మోసేది కండరం కాదు, అది లిగమెంట్ల మీద వేలాడుతుంది. ఇంకా లోతుగా దిగమనే జిమ్ సలహా ఇలాంటివాళ్లకు పనికిరాదు.

ట్రైనర్ రెండు పీటలు తెచ్చి ఆమెకు రెండు పక్కలా పెట్టాడు. డంబెల్ మోకాలికి కాస్త కిందికి రాగానే పీటకు తగులుతుంది, అక్కడే ఆగాలి. 4 లెక్కపెడుతూ దిగడం, 2 లెక్కల పాటు బరువు పీట మీద వదిలేయకుండా ఆగడం, 2 లెక్కల్లో లేవడం. పైకొచ్చాక మోకాలిని వెనక్కి లాక్ చేయకుండా పిసరంత వంచి ఉంచాలి. బరువు 5 కిలోలే. అయినా కాళ్లు వణికాయి!

కీలు ఎక్కడుందో శరీరానికి తెలియడం కూడా ఒక నైపుణ్యమే. వదులు కీళ్లున్న చాలామందిలో ఆ కబురు కాస్త మసకగా ఉంటుంది. పీట తగలడం, పక్కన అద్దం, నెమ్మది లెక్క ఆ లోటును పూడుస్తాయి.

8 సార్లు చేయాల్సిన సెట్‌లో ఆరోసారికి లెక్క తొందరపడింది, మోకాలు టక్కున వెనక్కి కొట్టుకుంది. ట్రైనర్ అక్కడే ఆపేశాడు. మర్నాడు కండరం నొప్పి పరవాలేదు. నొప్పి కీలులోనే ఉన్నా, వాపు కనిపించినా బరువు తగ్గించాలి. కీలు జారిపోతుంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికే.

మూడు నెలలకు ఆమె చేతుల్లో 10 కిలోల డంబెళ్లు ఉన్నాయి. పీటలు మాత్రం అదే ఎత్తులో ఉన్నాయి.