ఒక బ్యాగుకి ఒక వరుస

రక్తం ఎక్కించిన వివరాలు కేస్‌షీట్లో ఒకచోట ఉండవు. బ్యాగు చీటీ ఒక పేజీకి అంటించి ఉంటుంది. మొదలుపెట్టిన టైము నర్సింగ్ నోట్సులో, చలి వచ్చిందన్న మాట డ్యూటీ డాక్టరు నోట్సులో దొరుకుతాయి. వీటిని ఏరి ఒక పట్టికలోకి దించడం రికార్డు సెక్షన్లో నా పని.

ఇలాంటి కేసు ఒకటి చూడండి. కాన్పయ్యాక రక్తస్రావమైన మనిషి, గ్రూపు బి పాజిటివ్. డాక్టరు నోట్సులో ఉన్నది ఇంతే: ‘ప్యాక్డ్ సెల్స్ 2 యూనిట్లు ఎక్కించాం. 11.40కి చలి, వణుకు. అవిల్ ఇచ్చాం.’ రోజుకి ఒక వరుస చొప్పున వేస్తే చలి ఏ బ్యాగుతో వచ్చిందో తెలియదు. అందుకే బ్యాగుకి ఒక వరుస. నర్సింగ్ నోట్సు ప్రకారం మొదటిది 8.50కి మొదలై 11.10కి అయిపోయింది. రెండోది 11.25కి పెట్టారు. అంటే రెండోది ఎక్కుతున్న పదిహేనో నిమిషంలో చలి మొదలైంది. గ్రూపు కలవని రక్తం తొలి నిమిషాల్లోనే బయటపడొచ్చు కాబట్టి, నర్సు దగ్గరుండి కనిపెట్టుకోవాల్సిన సమయం అదే. ఆపి, సెట్టుతో సహా బ్లడ్‌బ్యాంకుకి తిరిగి పంపాల్సింది ఆ రెండో బ్యాగునే.

అలాగని మొదటి బ్యాగు నిర్దోషి అనలేం. జ్వరం, చలి రక్తం ఎక్కాక నాలుగు గంటల్లోపు ఎప్పుడైనా రావచ్చు. అందుకే మొదటి వరుసలో ‘ఎక్కుతుండగా ఏమీ లేదు, అయిపోయిన 30 నిమిషాలకి చలి’ అని రాస్తాను. రెండో వరుసలో ‘15వ నిమిషం, 98.4 నుంచి 100.8కి జ్వరం, చలి’ అని. అది ఏ రకం రియాక్షనో పేరు పెట్టడం నా పని కాదు, పరీక్షలు చేసి తేల్చేవాళ్లు వేరే ఉన్నారు.

ఇంకో చిక్కుంది. రెండో బ్యాగు చీటీ మీద ఓ పాజిటివ్ అని ఉంది. పట్టిక చక్కగా కనబడాలన్న యావ ఉన్నవాళ్లు దాన్ని బి అని ‘సరిచేస్తారు’. బి వాళ్లకి ఓ ఎర్రకణాలు ఎక్కించొచ్చు, సొంత గ్రూపు దొరకనప్పుడు ఇస్తారు కూడా. కాబట్టి పేషెంటు గ్రూపుకి ఒక గడి, బ్యాగు గ్రూపుకి ఇంకో గడి. రెండూ చీటీలు చూసి దించాల్సిందే, ఒకదాన్ని బట్టి ఇంకోటి ఊహించకూడదు.

రెండో బ్యాగు బ్లడ్‌బ్యాంకు ఫారం మీద 10.55 అని ఇంకో టైము కూడా ఉంటుంది. అది బ్యాగు ఇచ్చిన టైము. దాన్ని మొదలుపెట్టిన టైముగా ఎక్కిస్తే లెక్కంతా అరగంట జరిగిపోతుంది. పదిహేనో నిమిషపు చలి నలభై అయిదో నిమిషానిదైపోతుంది.

నేను ఎక్కువగా పట్టుబట్టేది మాత్రం రియాక్షన్ గడి దగ్గరే. ‘గమనించాం, లేదు’ అని నర్సు రాస్తేనే అందులో ‘లేదు’ అని వేస్తాను. నోట్సులో ఆ ఊసే లేకపోతే ‘రాయలేదు’ అని వేస్తాను. నెలాఖరు సమీక్షలో ఆ ‘రాయలేదు’లు చూసి ఇన్‌చార్జి సిస్టర్ మొహం చిట్లిస్తారు. చిట్లించనీ.