మాటలు పోగేశారు, అర్థం తేల్చలేదు

ఆశ్రమ పాఠశాలల్లో కోయ పిల్లలు చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారనే విషయం మీద రాసిన ఒక పరిశోధన గ్రంథం ఈమధ్య మా చేతికి వచ్చింది. ఎవరు రాశారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పరిశోధకుడు గూడేలకు వచ్చి 20 మందితో ఓపిగ్గా మాట్లాడారు, వాళ్ళ మాటలు చెడకుండా రాసుకున్నారు. అది మంచి పని. మా పేచీ అంతా నాలుగో అధ్యాయంతోనే. దానికి 'ఇతివృత్తాల విశ్లేషణ' అని పేరు పెట్టారు కానీ, మాకు అందులో ఇతివృత్తం ఒక్కటీ దొరకలేదు.

అధ్యాయంలో నాలుగు శీర్షికలున్నాయి: భాష, ఆరోగ్యం, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు. గ్రంథం చివర ఇచ్చిన ప్రశ్నావళి తీసి చూస్తే అందులోనూ ఇవే నాలుగు భాగాలు. అంటే పరిశోధకుడు తీసుకెళ్ళిన సంచులే మళ్ళీ తెచ్చారు, వాటిలో జవాబులు నింపారు. ఒక్కో శీర్షిక కింద ఏడెనిమిది మంది మాటలు వరసగా పెట్టి, చివర 'దీన్నిబట్టి భాష ఒక సమస్య అని తెలుస్తోంది' అని ముగించారు. ఆ సంగతి ఇంటర్వ్యూలు చేయకముందే అందరికీ తెలుసు.

ఈ విశ్లేషణ పద్ధతిని వివరిస్తూ వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో ఒక వ్యాసం రాశారు. ఈ అధ్యాయం మొదట్లో దాని పేరు కూడా చెప్పుకున్నారు. మాటల్ని దండలా గుచ్చిపెట్టడం విశ్లేషణ కాదని, అడిగిన ప్రశ్నలనే ఇతివృత్తాలుగా చూపడం తప్పని ఆ వ్యాసమే హెచ్చరిస్తుంది. ఇక్కడ ఆ రెండు తప్పులూ జరిగాయి.

ఇతివృత్తం అంటే ఏమిటో ఇదే అధ్యాయంలోని మాటలతో చూద్దాం. 'భాష' కింద ఒక బాబు, బయటికి వెళ్తానని తెలుగులో అడగడం రాక తరగతిలోనే తడుపుకున్నానని చెప్పాడు. 'ఆరోగ్యం' కింద ఒక పాప, రెండు రోజులు జ్వరం ఉన్నా వార్డెన్‌కు చెప్పకుండా ఇంటికి నడిచి వచ్చేశానంది. 'తల్లిదండ్రులు' కింద ఒక తండ్రి, బడి గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డా ఎవరూ పలకరించలేదన్నాడు. 'ఉపాధ్యాయులు' కింద ఒక మాస్టారు, ఈ పిల్లలు నోరు విప్పరన్నాడు.

ఒక్కో మాట పక్కన అందులో జరిగిందేమిటో చిన్నగా రాసుకోవాలి. దాన్నే కోడ్ అంటారు. బాబు మాట పక్కన 'అడగలేక ఊరుకోవడం', పాప మాట పక్కన 'చెప్పకుండా వెళ్ళిపోవడం', తండ్రి మాట పక్కన 'వచ్చినా పట్టించుకోకపోవడం', మాస్టారి మాట పక్కన 'మౌనాన్ని పిల్లల గుణంగా చూడడం' అని రాద్దాం. ఇప్పుడు శీర్షికల గోడలు తీసేసి కోడ్లను పక్కపక్కన పెడితే ఒక సంగతి బయటపడుతుంది: బడిలో కష్టం చెప్పుకునే మనిషి లేనప్పుడు, ఇంటికి వెళ్ళిపోవడమే పిల్లలు చెప్పగలిగిన మాట అవుతోంది. ఇది ఇతివృత్తం. 'భాష' అన్నది కేవలం ఒక విషయం పేరు, దాన్ని ఎవరూ కాదనలేరు. ఈ వాక్యం అలా కాదు. కాదనడానికి వీలుంది, కాబట్టి పరీక్షించడానికీ వీలుంది.

పరీక్షించడమంటే మళ్ళీ 20 మంది మాటల దగ్గరికీ వెళ్ళడమే. తెలుగు బాగా వచ్చిన ఒక అబ్బాయి, తునికాకు కూలి డబ్బుల కోసం మానేశానన్నాడు. అతను ఈ ఇతివృత్తంలో ఇమడడు. ఆ సంగతి దాచకుండా రాయాలి, అతనిలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారేమో వెతకాలి. ఇంకో అమ్మాయికి మొదటి ఏడాది తెలుగు రాలేదు, అయినా బడి మానలేదు. వంటచేసే అక్కకు కోయ మాట వచ్చు, ఏదున్నా ఆమెకు చెప్పుకునేదాన్నని అంది. అధ్యాయంలో ఈ మాట 'భాష' కింద ఆరోదిగా, మిగతావాటి మధ్య నలిగిపోయింది. నిజానికి ఇతివృత్తాన్ని పదును పెట్టే మాట ఇదే. తెలుగు రాకపోవడం ఒక్కటే కారణమైతే ఆ అమ్మాయీ వెళ్ళిపోవాలి. ఆమెను నిలబెట్టింది వినే మనిషి.

ఈ తేడా చిన్నది కాదు. గ్రంథం చివర ఇచ్చిన సిఫారసు 'పిల్లలకు తెలుగు అదనపు తరగతులు పెట్టాలి' అని. వంట అక్క మాటను సరిగ్గా చదివితే వచ్చే సిఫారసు వేరు: ప్రతి హాస్టల్‌లో పిల్లల భాష తెలిసిన పెద్దమనిషి ఒకరుండాలి. మొదటిది భారమంతా పిల్లల మీద వేస్తుంది, రెండోది బడిని మారమంటుంది. 20 మంది మాటలతో పెద్ద నిర్ణయాలు చేయలేమన్నది నిజమే. కానీ ఎటు చూడాలో అవి చెప్పగలవు.

పరిశోధన చేయబోయే మన పిల్లలకు ఒక్క పరీక్ష చెబుతాం. మీ అధ్యాయంలోని ఇతరుల మాటలన్నీ చేత్తో మూసేసి, మిగిలింది చదవండి. అక్కడ మీరు చెప్పిన సంగతి ఒకటి నిలబడితే అది విశ్లేషణ. 'ఒకరు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు' అన్నవే మిగిలితే, ఆ మాటలిచ్చిన వాళ్ళ బాకీ ఇంకా తీరలేదు.